ధర పలుకుతుంది, మాట్లాడదు

మా కేబుల్ ఆఫీసులో ఫోన్ రెండు కారణాలకే మోగుతుంది. టీవీలో బొమ్మ రాకపోయినా మోగుతుంది, వార్తల్లో తప్పు దొర్లినా మోగుతుంది. బొమ్మ రాకపోతే తిట్లు నాకు, అంటే లైన్‌మన్ పరదేశికి. స్తంభాలెక్కి తీగలు లాగి ముప్పై ఏళ్ల నుంచి తింటున్నాను కాబట్టి అవి నాకు అరిగిపోయాయి. ఆ సాయంత్రం మాత్రం బొమ్మ అద్దంలా ఉంది. అయినా ఫోన్ మోగింది.

వార్తలు చదివింది మా మేనకోడలు సుమశ్రీ. రాసిందీ తనే. అందులో ఒక ముక్క ఇది: "అనకాపల్లి మార్కెట్‌లో ఈరోజు కొత్త బెల్లం కోసం వర్తకులు ఉత్సాహంగా గానం చేశారు."

ఫోన్ చేసింది బెల్లం వర్తకుడు అప్పలనరసింహం గారు. మా చానెల్లో రోజూ వచ్చే పెద్ద ప్రకటన ఆయన కొట్టుదే. మా ఓనరు సురేష్‌బాబు ఫోన్ చెవికి దూరంగా పట్టుకున్నా, గది మొత్తానికీ వినబడింది.

"ఏవండీ సురేష్‌బాబూ, నేనేటి మార్కెట్లో హార్మోనియం ముందేసుకుని కూకున్నానా? మా అల్లుడు వైజాగు నుంచి ఫోన్ సేసి, 'మావయ్యగారూ, ఇయ్యాల ఏ రాగం పాడేరు?' అని అడుగుతున్నాడు! నలుగురిలో నా పరువేటి కావాలి?"

సురేష్‌బాబు సారీల మీద సారీలు చెప్పి ఫోన్ పెట్టేశాడు. సుమశ్రీ అప్పటికే తల వంచుకుని నిలబడింది.

"వేలంలో పాట పాడతారు కదా సార్," అంది నెమ్మదిగా. "పాడటం అంటే గానం చేయడమే కదా. వార్తల్లో కాస్త గౌరవంగా ఉంటుందని యాప్‌లో చూసి మార్చాను."

"గౌరవం బాగానే దక్కింది," అన్నాడు సురేష్‌బాబు. "సూడమ్మా. మొన్న 'విద్యార్థులు పరీక్ష ఇచ్చారు' అన్నావు. పరీక్ష ఇచ్చేది మేష్టార్లు, పిల్లలు రాత్తారు అని హెడ్‌మాస్టరు ఫోన్ చేసేడు. అంతకు ముందు 'కార్మికులు ధర్నా ఇచ్చారు' అన్నావు. ఎవరికిచ్చేరో ఎవడికీ తెలీలేదు. ఇప్పుడిది. శనివారం బులెటిన్ మొత్తం నువ్వే రాయి. మాట బాగాలేదని ఒక్క ఫోన్ వచ్చినా, సోమవారం నుంచి వైజాగులో ఒకడున్నాడు, వాడే రాసి వాడే చదివి పంపిత్తాడు. నన్ను తిట్టుకోకు."

తిట్టుకునే పిల్ల కాదు అది. మా చెల్లి కూతురు. పుట్టిందీ పెరిగిందీ భిలాయిలో. బావ అక్కడి ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. ఇంట్లో తెలుగు, బయట హిందీ, చదువంతా హిందీలోనే. గొంతు గంటలా ఉంటుంది, కంప్యూటర్లో వీడియో కత్తిరించడం వచ్చు. పాత న్యూస్ రీడరు శ్రీదేవి పెళ్లయి వెళ్లిపోయాక నేనే సురేష్‌బాబుని బతిమాలి దీన్ని పెట్టించాను. ఈ ఉద్యోగం పోతే మళ్లీ భిలాయి వెళ్లి వాళ్లన్నయ్య మందుల షాపులో మాత్రల స్ట్రిప్పులు కత్తిరించాలి. మైకు ముందు కూర్చున్నప్పుడు ఆ పిల్ల ముఖం చూసినవాడెవడూ దాన్ని ఆ కౌంటరు వెనక ఊహించుకోలేడు.

బండి మీద గవరపాలెంలోని మా ఇంటికి తీసుకెళ్తూ ధైర్యం చెప్పాను.

"నీకు మాటలు తక్కువయ్యేయంతే. నేను కొనిచ్చిన నిఘంటువు తీత్తున్నావా? రోజుకి పది మాటలు బట్టీ పట్టమన్నాను."

"పదిహేను పడుతున్నాను మావయ్యా."

"అయితే ఇరవై పట్టు."

ఇది నా సొంత సిద్ధాంతం. నేను ఏడో తరగతిలో బడి మానేశాను. మానేశాను అనడం కూడా మర్యాదకే, ఇంట్లో మాన్పించారు. అప్పట్నుంచి చదువుకున్నవాళ్లని చూసి చూసి నాకు తేలిందేమిటంటే, వాళ్ల దగ్గర మాటల మూట పెద్దది, మన దగ్గర చిన్నది, తేడా అంతే. బ్యాంకులో గుమస్తా నన్ను నిలబెట్టి మాట్లాడేది ఆ మూట చూసుకునే. కాబట్టి మూట పెంచుకుంటే సరిపోతుందని నా లెక్క. ఆ లెక్క ప్రకారమే ఆ పిల్లకి రోజూ అన్నం తినేముందు మాటలు అప్పజెప్పించేవాడిని. "క్షతం?" అంటే "గాయం", "అనలం?" అంటే "నిప్పు" అని టకటకా చెప్పేది. నాకు గర్వంగా ఉండేది. ఆ మాటలు ఎవరైనా వాడతారా అని నేనూ అడగలేదు, తనూ అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ బుల్లమ్మ పొయ్యి దగ్గరుంది. సంగతి విని నా మీద పడింది.

"పిల్లని పీక్కు తినేత్తన్నావు కదయ్యా! ఆ అప్పలనరసింహం గారికి పని లేదేటి? ఒసే సుమా, ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ, ముందు ఈ పప్పుకి పోపెట్టు. నాను కూర తరుగుతాను."

సుమశ్రీ కళ్లు తుడుచుకుని మూకుడు పెట్టింది. నూనె కాగింది. ఆవాలు వేసింది. ఆవాలు చిటపటలాడుతుంటే గరిటె పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

"అత్తా, ఇప్పుడు నువ్వేమన్నావు?"

"పోపు మాడిపోతంది సూడవే!"

"అది కాదు. పోపు పెట్టమన్నావు. పోపు చెయ్యి అనలేదు."

"పోపు సెయ్యడమేటే? పోపు పెడతారు, పచ్చడి నూరతారు, గంజి వారుత్తారు. భిలాయిలో ఇంకోలా వండుతారేటి?"

"లేదు! అక్కడా అమ్మ ఇలాగే అంటుంది. నాకు ఎవరూ నేర్పలేదు, అయినా నేనెప్పుడూ తప్పనలేదు." మాడిన పోపు పప్పులో వంపేసి మా వైపు తిరిగింది. ముఖంలో ఏడుపు పోయింది. "మావయ్యా, పోపు అనే మాట నా దగ్గరికి ఒంటరిగా రాలేదు. వచ్చినప్పుడే పెట్టడాన్ని వెంటేసుకుని వచ్చింది. ధర్నా, వేలం, ఫిర్యాదు, ఇవి అమ్మ నోట నేను వినలేదు. నిఘంటువులోంచి ఒక్కొక్కటే తెచ్చుకున్నాను. పక్కన ఏం పెట్టాలో తెలీక హిందీలో ఏది ఉంటే అది అతికించాను. హిందీలో పరీక్ష ఇస్తారు, ధర్నా ఇస్తారు."

"అయితే?" అన్నాను, అర్థం కాక.

"అయితే మాటలు నాకు తక్కువ కాలేదు. ఉన్న మాటలకి తోడు లేదు."

ఇంత డబ్బు పోసి నిఘంటువు కొన్నందుకు నాకు కాస్త మంట పుట్టింది. "తోడేటి, గీడేటి. అర్థం తెలిస్తే సాలు," అన్నాను.

"సరే, గాయం అన్నా దెబ్బ అన్నా దగ్గర దగ్గర అర్థమే కదా. దెబ్బ తగిలింది అంటాం. గాయం తగిలింది అంటామా?"

నోట్లో అనుకుని చూశాను. గాయం తగిలింది. బియ్యంలో రాయిలా ఉంది. "గాయం అయింది అంటాం," అన్నాను.

"ఎందుకు?"

"ఎందుకేటి? అంతే!"

"అదే నేను చెప్పేది. అర్థం చూసి కనిపెట్టలేం. విని, జతగా గుర్తుపెట్టుకోవాలి."

బుల్లమ్మ నవ్వింది. "ఇరవై పట్టు, ముప్పై పట్టు అని ఊరికే పిల్లని సంపేసేడు," అంది. నేను మాడిన పప్పు తిని పడుకున్నాను.

మర్నాటి నుంచి దాని పద్ధతి మారిపోయింది. ఆఫీసు కంప్యూటర్లో శ్రీదేవి చదివిన పాత బులెటిన్లు ఉన్నాయి. అవి పెట్టుకుని కూర్చుంది. తెలీని మాట వెతకడం మానేసింది. తెలిసిన మాట పక్కనే ఏం వస్తోందో చూడటం మొదలుపెట్టింది. ఫోన్లో ఎక్కించుకునేటప్పుడు కూడా మాట ఒక్కటే రాసుకోదు, వాక్యం మొత్తం రాసుకుంటుంది. 'బాధితులు పోలీసులకు ఫిర్యాదు చేశారు. పోలీసులు కేసు నమోదు చేశారు. అగ్నిమాపక సిబ్బంది మంటలు ఆర్పారు. క్షతగాత్రులను ఆసుపత్రికి తరలించారు.' తర్వాత చివరి మాట మీద వేలు పెట్టి మూసి, అది ఏమిటో తనే చెప్పుకునేది.

"ఇలాగ తెలుగులో ఉన్న మాటలన్నీ ఎప్పటికి పట్టుకుంటావే?" అన్నాను.

"అన్నీ ఎందుకు? మన బులెటిన్లో తిరిగి తిరిగి వచ్చేవి ఎన్నుంటాయి? మార్కెట్టు, బడి, కరెంటు, ప్రమాదం, వాన, చావు. ముందు వాటి జతలు పట్టుకుంటాను."

మార్కెట్టు సంగతి శ్రీదేవి బులెటిన్లలో తక్కువగా ఉందని నన్ను బండి తియ్యమంది. పొద్దున్నే యార్డుకి తీసుకెళ్లాను. బెల్లం దిమ్మలు వరసగా పేర్చి ఉన్నాయి. అప్పలనరసింహం గారు ధర అరుస్తూ నడుస్తున్నారు, వెనక నలుగురు వర్తకులు. మమ్మల్ని చూసి ఆగారు.

"ఓహో, విద్వాంసురాలు వచ్చింది! తంబురా తెచ్చేవేటమ్మా?"

వెనకున్నవాళ్లు పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల మాత్రం నవ్వుతూనే అడిగింది.

"తప్పయిపోయిందండీ. అందుకే నేర్చుకుందామని వచ్చాను. ఇప్పుడు మీరేం చేస్తున్నారో మీ మాటలోనే చెప్పండి."

"పాట పాడతన్నాను."

"మీకంటే ఆయన ఎక్కువ పాడితే?"

"సరుకు ఆయనకి పోతాది. నేను ఏడుపు మొహం పెడతాను."

"అప్పుడు ధర ఏమైందని అంటారు?"

"ఏటంటాం, ఫలానా ధర పలికింది అంటాం. తర్వాత కాటా ఏత్తాం. ఇదేటమ్మా, ఇంటర్వ్యూయా? కెమెరా ఏదీ?"

ఆయన జుట్టు సవరించుకున్నారు. కెమెరా లేదని తెలిసి కాస్త చిన్నబుచ్చుకున్నారు గానీ, ఆ తర్వాత కూడా పాట పాడినప్పుడల్లా మా వైపు తిరిగి మరీ పాడారు.

తిరిగి వస్తుంటే దాన్ని కాస్త ఇబ్బంది పెడదామనిపించింది. ఏడో తరగతి వాడినైనా నేనూ తెలుగువాణ్ణే.

"పలకడం అంటే మాటాడ్డమే కదా. ధర మాటాడింది అని రాయి, కొత్తగా ఉంటాది."

"ధర పలుకుతుంది మావయ్యా, మాట్లాడదు."

"పోనీ వాన? ఒకళ్లు పడింది అంటారు, ఒకళ్లు కురిసింది అంటారు. మరి నీ జత ఏమైనట్టు?"

"వానకి ఇద్దరున్నారు. ఇంట్లో పడుతుంది, వార్తల్లో ఎక్కువగా కురుస్తుంది. రెండూ తప్పు కాదు. కానీ పిడుగు పడాల్సిందే, కురవడానికి లేదు. కొన్ని మాటలు ఎవరితోనైనా సర్దుకుపోతాయి, కొన్ని ఒక్కరినే పట్టుకుని కూర్చుంటాయి."

"మీ అత్తలాగ," అన్నాను.

"అత్తతో చెప్తాను."

శనివారం వచ్చింది. రెండు రోజుల నుంచి అల్పపీడనం, ముసురు. అలాంటప్పుడు తీగలు తెగుతాయి కాబట్టి నేను స్తంభాల మీద ఉండాలి. ఉన్నాను కూడా. కానీ సాయంత్రానికి ఏదో ఒక వంక పెట్టుకుని ఆఫీసుకి చేరాను. సురేష్‌బాబు ఫోన్‌ని బల్ల మధ్యలో పెట్టుకుని, దాని ముందు కూర్చున్నాడు. వార్తలు మొదలవడానికి ఇంకా కాస్త టైముంది. సుమశ్రీ రాసినవన్నీ నాకు చదివి వినిపించింది. బడి పిల్లలు పరీక్షలు రాశారు. దేవరాపల్లిలో రైతులు ధర్నా చేశారు. బుచ్చయ్యపేట దగ్గర కరెంటు తీగ తెగిపడి పశువుల పాకకు నిప్పంటుకుంది. కొత్త బెల్లం మంచి ధర పలికింది. ఒక రిటైర్డు మేష్టారు తుదిశ్వాస విడిచారు.

"తుదిశ్వాస ఎందుకే, జనానికి అర్థమయ్యేలాగ సివరి గాలి వదిలేరు అని రాయి," అన్నాను.

ఆ పిల్ల నా వైపు చూసిన చూపుకి నేనే మళ్లీ ఆ మాట మనసులో అనుకుని, దగ్గి, కిటికీ వైపు తిరిగాను.

అప్పుడు మోగింది ఫోన్. చీడికాడ నుంచి మా విలేకరి తారక్. అక్కడ వాన హోరు, వీడి మాట ముక్కలు ముక్కలుగా వినబడుతోంది. పంట కాలువ, గండి, వరి చేలల్లోకి నీళ్లు. అంతవరకు చెప్పేసరికి లైను తెగిపోయింది.

"ఇదే మొదటి వార్త," అన్నాడు సురేష్‌బాబు లేచి నిలబడి. "బేగి రాసెయ్యి. వేరే ఏ చానెల్లోనూ రాకముందే మనం చెప్పాలి."

సుమశ్రీ కీబోర్డు మీద చేతులు పెట్టి ఆగిపోయింది. గండి అనే మాట దాని జతల్లో లేదు. శ్రీదేవి బులెటిన్లలో వెతికే టైము లేదు. నా వైపు తిరిగింది.

"మావయ్యా, గండి అంటే తెగిన చోటు. అది నాకు తెలుసు. గండి ఏమవుతుంది?"

వెనకటి సుమశ్రీ అయితే 'గండి అంటే ఏమిటి' అని అడిగేది. నేనూ ఏదో ఒక అర్థం చెప్పేవాడిని. ఇప్పుడు ఆలోచించకుండానే నోటికి వచ్చేసింది.

"గండి పడతాది. గండి కొడతారు కూడాను. తర్వాత పూడుత్తారు."

"కొడతారా? ఎవరు?"

"పై సేనోడు కోపమొచ్చి గునపం పుచ్చుకుని కొడతాడు. లేదంటే కింద ఊరోళ్లు కొడతారు."

"అంటే కొట్టారు అంటే ఎవరో కావాలని చేసినట్టు. పడింది అంటే దానంతట అదే తెగినట్టు."

"అంతే కదా మరి."

"తారక్ ఏమన్నాడు? పడిందన్నాడా, కొట్టారన్నాడా?"

నేను సురేష్‌బాబు వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు. ఇద్దరికీ గండి వరకే వినబడింది.

"ఏదో ఒకటి పెట్టెయ్యమ్మా, టైము లేదు!" అన్నాడు సురేష్‌బాబు. "కొట్టారు అంటే వార్త ఇంకా గట్టిగుంటాది."

"గట్టిగుంటుంది సార్. రేపు ఆ ఊళ్లో ఎవరు కొట్టారని ఒకరినొకరు కొట్టుకుంటారు."

అప్పటికే ఫోన్ తీసుకుని తారక్ నంబరు నొక్కింది. కలవలేదు. మళ్లీ నొక్కింది. సురేష్‌బాబు గోడ గడియారాన్నీ ఆ పిల్లనీ మార్చి మార్చి చూస్తూ ఏదో గొణుక్కుంటున్నాడు. నాకు చేతిలో పని లేక పక్కనున్న కేబుల్ ముక్క వంచుతూ నిలబడ్డాను. మూడోసారి కలిసింది.

"తారక్, గండి పడిందా, ఎవరైనా కొట్టారా?"

"ఎవరు కొడతారక్కా ఈ వానలో! పొద్దున్న నుంచి నీరు తోసేత్తంది, మజ్జానం గట్టు కూలిపోయి గండి పడింది. ఇరిగేషనోళ్లు ఇసక బత్తాలు తెచ్చేరు గానీ ఇంకా పూడ్సలేదు."

కుర్చీలో కూర్చుని టకటకా కొట్టింది. లైవ్ లైటు వెలిగింది. గొంతు సవరించుకుని చదివింది. "చీడికాడ మండలంలో భారీ వర్షాలకు పంట కాలువకు గండి పడింది. వరి పొలాలు నీట మునిగాయి. గండిని పూడ్చేందుకు అధికారులు ఇసుక బస్తాలు తెప్పించారు." ఆ తర్వాత పరీక్షలు, ధర్నా, బెల్లం, మేష్టారు. ఎక్కడా ఆగలేదు. వింటుంటే నాకు భాష వినబడలేదు. చీడికాడ కాలువ కనబడింది. బుచ్చయ్యపేటలో పాక ఎవరిదో అని ఆలోచనలో పడ్డాను.

వార్తలయిపోయాయి. బెల్లం కొట్టు ప్రకటన మొదలైంది. ముగ్గురం బల్ల చుట్టూ నిలబడి ఫోన్ వంక చూస్తున్నాం.

మోగింది.

సురేష్‌బాబు ఫోన్ ఎత్తి, తిట్లకి సిద్ధమై, చెవికి దూరంగా పట్టుకున్నాడు. ఒక పెద్దావిడ గొంతు.

"బాబూ, నాను సుందరమ్మని, గవరపాలెం నుంచి. ఇందాక సెప్పినారు కదా, మా తమ్ముడి సేను ఆ కాలవ పక్కనే. ఫోన్ సేత్తే ఎత్తడం లేదు. గండి ఏ ఊరి దగ్గర పడింది? మా వోళ్ల వైపేనా?"

సురేష్‌బాబు ఫోన్‌ని మెల్లగా చెవికి ఆనించుకున్నాడు. ఆవిడ మళ్లీ "బాబూ, ఉన్నావేటి?" అంది.

"ఉన్నానమ్మా. రాసిన అమ్మాయికే ఇత్తన్నాను," అని ఫోన్ సుమశ్రీ చేతికిచ్చాడు. ఇచ్చేసి, నా వైపు తిరిగి విసుగ్గా అన్నాడు. "పరదేశీ, ఏటలా నిలబడిపోయేవు? వైజాగోడికి పంపక్కర్లేదని నేను సెప్పుకుంటాను గానీ, రామచంద్ర థియేటరు వెనక సగం వీధికి బొమ్మ లేదు. ఎవడెక్కుతాడు స్తంభం?"

నేనే ఎక్కాలి, ఇంకెవడెక్కుతాడు. దాని ఉద్యోగం నిలబడ్డ రోజున కూడా నా తిట్లు నాకున్నాయి. నిచ్చెన భుజాన వేసుకుని మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఆ పిల్ల గొంతు వినబడుతోంది.

"మీ తమ్ముడుగారిది ఏ ఊరండీ? ఒక్క నిమిషం ఆగండి, మా విలేకరిని అడిగి చెప్తాను. భయపడకండి, నీళ్లు చేలల్లోకి వచ్చాయన్నాడు గానీ ఏ ఊరి వైపో చెప్పలేదు. లేదండీ, ఇంకా పూడ్చలేదు."